ఇవ్వని కార్డు నంబరు మీ దగ్గరికి ఎలా వచ్చింది?

ప్రశ్న: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. మా అక్క డల్లాస్‌లో ఉంటుంది. అక్కడ ఆమె పేరున రిజిస్టరైన సంస్థ తరఫున నేను ఇక్కడి నుంచే అమెరికాలోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో సంగీతం నేర్పుతున్నాను. నెలకు 80 డాలర్ల ఫీజు ప్రతి 1వ తేదీన తల్లిదండ్రుల కార్డుల నుంచి దానంతటదే వస్తుంది. గత నెల ఒక పిల్లవాడి తండ్రి ఫోన్ చేసి, "నా కార్డు పోయింది. బ్యాంకు కొత్త నంబరుతో కార్డు ఇచ్చింది. ఆ నంబరు మీకు నేను ఇవ్వనే లేదు, డబ్బు ఎలా తీసుకున్నారు?" అని నిలదీశారు. నాకు నోట మాట రాలేదు. అదే నెలలో ఇంకో అమ్మాయి వాళ్ళ కార్డు మారితే మాత్రం ఫీజు రాలేదు. ఇక్కడ నా కార్డు మారినప్పుడైతే సినిమాల చందా, ఫోన్ బిల్లు అన్నీ ఆగిపోయాయి. మేం ఏదైనా తప్పు చేస్తున్నామా? ఆ సదుపాయం ఆపేయమంటారా?
— ఒక సంగీతం టీచరు, చెన్నై

జవాబు: ఆయన కొత్త నంబరు మీకు ఇప్పటికీ తెలియదమ్మా. కావాలంటే ఫీజుల ఖాతా తెరిచి ఆయన పేరు ఎదురుగా చూడండి. చివరి నాలుగు అంకెలు, గడువు ముగిసే నెల, సంవత్సరం తప్ప ఇంకేమీ కనబడవు. పూర్తి నంబరు ఉన్నది మీ తరఫున డబ్బు వసూలు చేసే చెల్లింపుల కంపెనీ దగ్గర. ఆ కంపెనీకి అది చేరింది ఆయన బ్యాంకు నుంచే. కాకపోతే నేరుగా కాదు, మధ్యలో కార్డు నెట్‌వర్క్ ఉంది. ఈ పని కోసం వీసా నడిపే సేవ పేరు వీసా అకౌంట్ అప్‌డేటర్. మాస్టర్‌కార్డ్ తనదాన్ని ఆటోమేటిక్ బిల్లింగ్ అప్‌డేటర్ అంటుంది. పేర్లు వేరైనా చేసే పని ఒకటే.

మీ అపార్ట్‌మెంటులో పేపరు వేసే అబ్బాయిని ఒకసారి తలచుకోండి. రోజూ 204లో పేపరు వేస్తాడు. ఒకనాడు తలుపుకు తాళం ఉంటుంది. కిందికి వెళ్ళి వాచ్‌మన్‌ను అడుగుతాడు: "204లో ఉన్నవాళ్ళు ఎక్కడికి మారారు?" వాచ్‌మన్ చెప్పగల జవాబులు నాలుగే. "405కి మారారు." "ఖాళీ చేసి వెళ్ళిపోయారు." "నాకు తెలియదు." "ఎవరికీ చెప్పవద్దన్నారు, నువ్వే ఫోన్ చేసి కనుక్కో." ఈ నాలుగింటిలో ఏది వచ్చిందన్నదాన్ని బట్టే మీ నెల ఫీజు వస్తుందా రాదా అన్నది తేలుతుంది. ఇందులో గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. వాచ్‌మన్ తనంతట తాను వీధిలోకి వెళ్ళి కొత్త ఫ్లాటు నంబరు చాటింపు వేయలేదు. ఇదివరకే ఆ ఇంటికి పేపరు వేస్తున్న వాడు, పాత ఫ్లాటు నంబరు చెప్పి అడిగితేనే చెప్పాడు.

ఇప్పుడు ఇదే కథను తేదీలతో చూద్దాం. ఆ తండ్రిది వీసా కార్డు అనుకుందాం. చివరి అంకెలు 4417, గడువు 08/27. జూన్ 9న పర్సు పోయింది. ఆయన ఫోన్ చేయగానే బ్యాంకు ఆ నంబరును మూసేసి, చివర 9052, గడువు 06/30 ఉన్న కొత్త కార్డు పంపింది. కార్డు కవరులో పడి ఇంటికి బయలుదేరిన రోజుల్లోనే బ్యాంకు కంప్యూటర్ నుంచి వీసాకు ఒక ఫైలు వెళుతుంది. అందులో ఆయన కోసం ఉండేది ఒక్క వరుస: పాత నంబరు, పాత గడువు, కొత్త నంబరు, కొత్త గడువు, మారిన కారణం. వీసా దాన్ని తన దగ్గర పెట్టుకుని ఊరుకుంటుంది. ఇటు మీ చెల్లింపుల కంపెనీ, జూలై 1న డబ్బు అడగవలసిన కార్డులన్నిటినీ కొన్ని రోజుల ముందే వరుసగా పేర్చి "వీటిలో ఏవైనా మారాయా?" అని అడుగుతుంది. ఆ వరుసలో 4417 ఉంది. వీసా రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూసి, 4417కు బదులు 9052 అని జవాబిస్తుంది. మీ కంపెనీ పాతది కొట్టేసి కొత్తది రాసుకుంటుంది. జూలై 1న 80 డాలర్లు 9052 మీద అడిగితే బ్యాంకు సరేనంటుంది. ఆయనకు ఫోన్‌లో మెసేజి వస్తుంది. ఆ తర్వాత మీకు ఫోన్ వస్తుంది.

వీసా పంపే జవాబు ఒక్క అక్షరంలో ఉంటుంది. నంబరే మారితే A, గడువు మాత్రమే మారితే E, ఖాతా మూసేస్తే C, కార్డుదారుణ్ణే అడగమంటే Q. ఏమీ మారలేదని చెప్పే అక్షరం, ఈ బ్యాంకు ఈ ఏర్పాటులో లేదని చెప్పే అక్షరం కూడా ఉన్నాయి. మీకు ఈ అక్షరాలు కనబడవు. మీ కంపెనీ వాటిని మామూలు మాటల్లోకి మార్చి చూపిస్తుంది. ఉదాహరణకు స్ట్రైప్ వాడేవారికి ఖాతాలోని సంఘటనల పట్టికలో ఈ పేరుతో ఒక వరుస పడుతుంది:

```
payment_method.automatically_updated
```

గత నెల ఆ తండ్రి పేరు దగ్గర ఇలాంటి వరుస ఏ తేదీన పడిందో చూసి రాసి పెట్టుకోండి. ఆయన మళ్ళీ అడిగితే "ఫలానా తేదీన మీ బ్యాంకు మార్చింది" అని చెప్పగలిగితే సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

ఇక ఆ రెండో అమ్మాయి సంగతి. అక్కడ ఫీజు రాకపోవడానికి కారణం ఏదైనా కావచ్చు కాబట్టి ఊహించకుండా తిరస్కరణ కారణం చదవండి. కార్డును బ్యాంకు తిప్పి పంపినప్పుడు ఒక రెండంకెల కోడ్ ఇస్తుంది. 54 అంటే గడువు దాటింది. 14 అంటే అలాంటి నంబరే లేదు. 41 అంటే పోయిన కార్డు, 43 అంటే దొంగిలించిన కార్డు. 51 వస్తే కార్డు మారడానికీ దానికీ సంబంధమే లేదు, ఖాతాలో డబ్బు లేదు, అంతే. కొన్ని కంపెనీలు అంకెలకు బదులు `expired_card`, `lost_card`, `stolen_card` అని మాటల్లోనే చూపిస్తాయి.

54 గానీ 14 గానీ వచ్చిందంటే అప్‌డేటర్‌కు కొత్త సంగతి అందలేదని అర్థం. వాళ్ళ బ్యాంకు చిన్నదై ఈ ఏర్పాటులో చేరకపోయి ఉండవచ్చు. లేదా వాళ్ళు బ్యాంకునే మార్చి ఉండవచ్చు. వేరే బ్యాంకులో తెరిచిన ఖాతాకు, పాత బ్యాంకు కార్డుకు ముడి వేసేవారు ఎవరూ లేరు. వాచ్‌మన్‌కు తన అపార్ట్‌మెంటు సంగతే తెలుస్తుంది గానీ పక్క వీధి సంగతి తెలియదు కదా. అప్పుడు మీరే రాసి కొత్త కార్డు అడగాలి, వేరే దారి లేదు.

41, 43 వచ్చినప్పుడు మాత్రం ఆ కార్డు మీద మళ్ళీ మళ్ళీ ప్రయత్నించకండి. "రేపు పోతుందేమో చూద్దాం" అని మీట నొక్కుతూ ఉండే అలవాటు చాలామందికి ఉంది. పోయిన కార్డుగా రాసుకున్న నంబరు రేపు బ్రతకదు. పైగా అలాంటి నంబరును పదేపదే తడితే మీ సంస్థ మీదే అనుమానం వస్తుంది.

ఇంకో కారణం ఒకటుంది, అది ఎవరి తప్పూ కాదు. సమయం కుదరకపోవడం. జూన్ 29 సాయంత్రం కార్డు పోయిందనుకోండి. మీ కంపెనీ అడగవలసిన ప్రశ్న అంతకు ముందే అడిగేసింది, "ఏమీ మారలేదు" అన్న జవాబూ అందుకుంది. జూలై 1న పాత నంబరే వెళ్ళింది, తిరిగి వచ్చింది. ఒకటి రెండు రోజులు ఆగితే సర్దుకోవచ్చు. ఇప్పుడు డబ్బు అడిగే క్షణంలోనే కొత్త వివరాలు చూసే పద్ధతి కూడా వచ్చింది గనుక ఈ ఇబ్బంది మునుపటంత లేదు, కానీ పూర్తిగా పోలేదు.

నేను చాలా ఏళ్ళు బెంగళూరులో ఒక విదేశీ బ్యాంకు కార్డుల పని చూసే ఆఫీసులో ఉన్నాను. బ్యాంకు పేరు వద్దు. ఒక శుక్రవారం రాత్రి వెళ్ళవలసిన ఈ మార్పుల ఫైలు వెళ్ళలేదు. వెళ్ళలేదన్న సంగతి ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఫైలు వెళ్ళకపోతే ఏ గంటా మోగదు. సోమవారం నుంచి జిమ్ ఫీజు తిరిగొచ్చిందని ఒకరు, ఇన్సూరెన్స్ వాయిదా పోలేదని ఒకరు, ఫోన్ల మీద ఫోన్లు. అందరూ కోప్పడింది జిమ్‌ల మీద, ఇన్సూరెన్స్ వాళ్ళ మీద. తప్పు మాది. దుకాణాల వాళ్ళు తిట్లు తిన్నారు. అందుకే మీ ఉత్తరం చదవగానే ఆ వారం గుర్తొచ్చింది. ఈ ఏర్పాటు పనిచేసినా తిట్లు మీకే, పనిచేయకపోయినా తిట్లు మీకే.

ఆ తండ్రి భయం మాత్రం తీసిపారేయదగ్గది కాదు. ఆయన లెక్కలో కొత్త నంబరు తెచ్చుకున్నదే దొంగకు తెలియకుండా ఉండాలని. తాను చెప్పకుండానే ఒక సంగీతం బడికి తెలిసిపోయిందంటే, దొంగకు మాత్రం తెలియదా అన్నది ఆయన ప్రశ్న. తెలియదు. పాత నంబరు చేతిలో ఉంటే చాలదు. నెట్‌వర్క్‌లో నమోదైన వ్యాపారమై ఉండాలి, తన బ్యాంకు లేదా చెల్లింపుల కంపెనీ ద్వారానే అడగాలి, ఆ కార్డుదారుతో ముందు నుంచి చందాలాంటి వ్యవహారం ఉండాలి. పర్సు కొట్టేసినవాడికి ఈ తలుపు ఎక్కడుందో కూడా తెలియదు. ఇంకొకటి: కార్డు వెనుక ఉండే మూడంకెల సీవీవీ ఈ మార్పుల్లో రాదు. దాన్ని దాచుకునే హక్కు అసలు ఏ వ్యాపారికీ లేదు. మరి అది లేకుండా డబ్బు ఎలా వచ్చిందంటే, మొదటి నెల ఆయన స్వయంగా కార్డు వివరాలు ఇచ్చి ఒప్పుకున్నప్పుడే అది అడిగారు. ఆ తర్వాతి నెలల వసూళ్ళు ఆ ఒప్పందం మీద మీ వైపు నుంచి నడిచేవి, వాటికి సీవీవీ అక్కర్లేదు.

ఈ వ్యవహారంలో నాకు నచ్చనిది ఒకటుంది. కార్డు ఇచ్చేటప్పుడు బ్యాంకులు ఇచ్చే ఒప్పంద పత్రంలో, మీ కొత్త వివరాలు చందా వసూలు చేసే వ్యాపారులకు చేరవచ్చని సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది. చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే ఆ పత్రం ఎవరు చదువుతారు? బ్యాంకు చెప్పానంటుంది. నెట్‌వర్క్‌కు ఆయనతో మాట్లాడే అవసరమే లేదు. చివరికి ఆయనకు కనబడే మనిషి మీరొక్కరే. కనుక చెప్పవలసిన మాట మీరే ముందుగా చెప్పండి. కార్డు దానంతటదే మారినట్టు ఖాతాలో కనబడిన రోజునే, 1వ తేదీ రాకముందే, ఇలా ఒక మెసేజి పంపండి:

"నమస్కారమండీ. మీ బ్యాంకు మీకు కొత్త కార్డు ఇచ్చిన సంగతిని కార్డు నెట్‌వర్క్ మా చెల్లింపుల కంపెనీకి తెలియజేసింది. బాబు సంగీతం ఫీజు 1వ తేదీన చివర 9052 ఉన్న కార్డు నుంచి వెళుతుంది. పూర్తి నంబరు మాకు కనబడదు. వేరే కార్డు వాడదలచుకున్నా, తరగతులు ఆపదలచుకున్నా ఈలోగా ఒక్క మాట చెప్పండి."

చివరి వాక్యం మర్యాద కోసం రాసింది కాదు. కార్డు మారితే పాత చందాలన్నీ వాటంతటవే రద్దయిపోతాయని నమ్మేవాళ్ళు చాలామంది. కొందరైతే చందా రద్దు చేయడం ఇష్టంలేక కార్డునే మార్చుకుంటారు. అప్‌డేటర్ వచ్చాక ఆ ఉపాయం పారదు. అలాంటివారి దగ్గర చెప్పకుండా డబ్బు తీసుకుంటే వాళ్ళు మీకు ఫోన్ చేయరు, నేరుగా బ్యాంకులో ఫిర్యాదు పెడతారు. అప్పుడు 80 డాలర్లు వెనక్కి పోవడమే కాకుండా, ఆ వివాదానికి కంపెనీ వేసే రుసుము కూడా మీ అక్కగారి ఖాతాలో పడుతుంది.

అసలు తన కొత్త కార్డు వివరాలు ఎవరికీ వెళ్ళకూడదని ఆయన గట్టిగా అనుకుంటే, చెప్పవలసింది మీకు కాదు, తన బ్యాంకుకు. అప్‌డేటర్ నుంచి తన కార్డును తప్పించమని అడగవచ్చు. అలా అడిగిన కార్డుకు మీ కంపెనీకి ఇక మీదట "కార్డుదారుణ్ణే అడగండి" అన్న జవాబే వస్తుంది. ఈ మాట ఆయనకు మీరే చెబితే ఇంకా మంచిది. దాచే ఉద్దేశం లేదని తెలిసినవాడు సాధారణంగా ఆ పని చేయడు.

ఇప్పుడు పెరంబూరుకు వద్దాం. మీ చందాలు ఆగిపోవడానికి కారణం మీ బ్యాంకు బద్ధకం కాదు, ఇక్కడి నిబంధన. 2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలో కార్డు ఇచ్చిన బ్యాంకు, కార్డు నెట్‌వర్క్ తప్ప ఇంకెవరూ అసలు కార్డు నంబరు దాచుకోకూడదని రిజర్వు బ్యాంకు నియమం. మీ సినిమాల యాప్ దగ్గర ఉన్నది మీ నంబరు కాదు, దానికి బదులుగా ఇచ్చిన టోకెన్. మీ కార్డుకు, ఆ వ్యాపారికి కలిపి ఇచ్చిన ఒక మారు నంబరు అది. ఇంకో దుకాణంలో చెల్లదు. పాత నంబరే లేనివాడు "ఈ పాత నంబరు ఏమైంది?" అని ఎలా అడుగుతాడు? అప్‌డేటర్‌కు ఇక్కడ అసలు చోటే లేదు.

"టోకెన్ మారకుండా ఉంచి, దాని వెనక కార్డును మారిస్తే సరిపోతుంది కదా?" అని మీరు అడగవచ్చు. యంత్రాలకు అది చేతనవును. అమెరికాలో నెట్‌వర్క్ టోకెన్లు అలాగే నడుస్తాయి. వ్యాపారి దగ్గర ఉన్నది కదలదు, నెట్‌వర్క్ ఖజానాలో టోకెన్ వెనక ఉన్న కార్డును బ్యాంకు మారుస్తుంది. మీ అమెరికా ఖాతాలోని కొన్ని కార్డులు ఈ దారినే మారి ఉండవచ్చు. ఇక్కడ మాత్రం, 2021 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, కార్డు మారినప్పుడు పాత వ్యాపారులతో దాన్ని మళ్ళీ కలపడానికి బ్యాంకు మీ స్పష్టమైన అంగీకారం తీసుకోవాలి. మీరు అవునంటే తప్ప కలపరాదు. ఆ తండ్రి కోరుకున్నది సరిగ్గా ఇదే. ఇక్కడ మీరు విసుక్కున్నదీ ఇదే.

దాని మీద నెలనెలా వసూలుకు ఇచ్చే ఈ-మ్యాండేట్ ఒకటి ఉంది. కార్డు మారాక యాప్‌లో కొత్త కార్డు చేర్చి, ఓటీపీ కొట్టి ఆ అనుమతి మళ్ళీ ఇచ్చేయడమే నిక్కమైన దారి. మామూలు చందాలకు 15,000 రూపాయల వరకు ఆ తర్వాతి నెలల్లో ఓటీపీ అడగరు, కానీ డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందుగా మీకు సమాచారం రావాలి. ఆ సమాచారం రాకపోతే కొత్త అనుమతి సరిగా నమోదు కాలేదేమోనని చూసుకోండి.

అక్కగారికి ఆ సదుపాయం ఆపమని చెప్పకండి. ఆపితే కార్డు మారిన ప్రతి పిల్లవాడి ఇంటికీ మీరే ఫోన్ చేయవలసి వస్తుంది, అదీ అమెరికా వేళల్లో. ఒక్కో మార్పుకు మీ కంపెనీ విడిగా రుసుము వేస్తుందేమో మాత్రం బిల్లులో చూడమనండి, కొన్ని వేస్తాయి. మీ సొంత కార్డు విషయానికి మీ బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగం తెరిస్తే ఏయే వ్యాపారుల దగ్గర మీ టోకెన్లు ఉన్నాయో జాబితా కనబడాలి. ఆ ఏర్పాటు ఉండాలన్నదీ నిబంధనే. కనబడకపోతే నెట్ బ్యాంకింగ్‌లో చూడండి, లేదా శాఖకు వెళ్ళి అడగండి. ఎప్పుడో ఒక్కసారి చీర కొని మరిచిపోయిన దుకాణం పేరు కూడా అందులో ఉండవచ్చు. అక్కర్లేనివి అక్కడే తీసేయండి.